ఆదివారం గల్లా

మా కళ్లజోళ్ల షాపు యజమాని పెద్దాయన, లెక్కలు రాసే నా బల్ల మీద బ్యాంకు స్టేట్‌మెంటు పెట్టి, దాని మీద నా ఆదాయం రిపోర్టు పెట్టి, రెంటి మీదా చెయ్యి పెట్టారు.

"మూడు లక్షల పద్దెనిమిది వేలు తక్కువ పడ్డాయి అమ్మాయ్. కొత్తగా తెరిచే రెండో షాపుని మన కేషియరమ్మకి అప్పజెబుదామనుకున్నా. ఇదేం లెక్క?"

నాకు ఒళ్లు మండింది. ఈ మనిషి ప్రతి నెలా ఇంతే. అమ్మకం వేరు, బ్యాంకులో పడే డబ్బు వేరు అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా చెవికెక్కదు. ఈసారి మాత్రం ఒక మనిషి పరువు మధ్యలో ఇరుక్కుంది. ఆవిడకు ఆ షాపు మీద ఎంత ఆశో నాకు తెలుసు.

మెమో రాయడానికి కూర్చున్నాను. అమ్మకాల్లోంచీ, బ్యాంకు జమల్లోంచీ పన్ను సొమ్ము తీసి పక్కన పెట్టాను. రెండు కంపెనీలు తమ ఉద్యోగులకు అరువు మీద తీసుకున్న కళ్లజోళ్ల ఖరీదు రెండు లక్షల ఎనభై వేలు. అమ్మకమైంది గానీ డబ్బు రాలేదు. నెలాఖరు రెండు రోజుల కార్డు అమ్మకాలు లక్షా ఇరవై వేలు. అవి వచ్చే నెలలో జమవుతాయి. కార్డుల మీద బ్యాంకు కమీషన్ కింద కోసుకున్నది ముప్పై వేలు. ఇంకా ఇవ్వని జోళ్లకు అడ్వాన్సులు, పోయిన నెల కార్డుల సొమ్ము కలిపి లక్షా ముప్పై వేలు అదనంగా జమయ్యాయి. అన్నీ సర్దితే మూడు లక్షలకు సమాధానం దొరికింది.

పద్దెనిమిది వేలు మిగిలాయి. "ఇతరాలు" అని రాసి చేతులు దులుపుకోవచ్చు. నా వల్ల కాదు. రోజువారీ నగదు అమ్మకాన్ని, బ్యాంకులో కట్టిన నగదును పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఒక్క రోజే వచ్చింది. అది ఆదివారం. కేషియరమ్మకు సెలవు. ఆ రోజు గల్లా దగ్గర కూర్చునేది పెద్దాయనే.

మెమో చివర ఆ మాట ఉన్నదున్నట్టు రాసి ఇచ్చాను. చదువుతూ చదువుతూ ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"కారు టైర్లు! గల్లాలోంచే తీసిచ్చాను. మర్చేపోయా. ఆ ఒక్క లైను తీసెయ్యమ్మా, బాగుండదు."

"తీసేస్తే అది ఆవిడ మెడకి చుట్టుకుంటుంది సార్."

 ఆయన కేషియరమ్మను పిలిపించి, మెమో ఆవిడ చేతికే ఇచ్చారు. ఆవిడ నిలబడే మొత్తం చదివింది.

"నిన్ను అనుమానించానమ్మా, తప్పు నాది. కొత్త షాపు నువ్వే చూసుకో," అంటూ తాళాలు అందించబోయారు.

ఆవిడ కళ్లు తుడుచుకుంది. తాళాలు మాత్రం అందుకోలేదు. కౌంటర్లోంచి వోచరు పుస్తకం తెచ్చి, పద్దెనిమిది వేలు, సొంత ఖర్చు అని రాసి ఆయన ముందు పెట్టింది.

"ముందు ఇక్కడ సంతకం పెట్టండి సార్. నా షాపులో గల్లా ముట్టుకున్నా ఇంతే."

పెద్దాయన పగలబడి నవ్వి, జేబులో పెన్ను వెతుక్కున్నారు.