నూట పధ్నాలుగో లాకరు అద్దె

ఇనుప సామాను కొట్టులో బ్యాంకు స్టేట్‌మెంటు చూసుకునే పద్ధతి ఒకటి ఇరవై రెండేళ్లుగా నడుస్తోంది. మూడు నెలలకొకసారి, సెలవు రోజు మధ్యాహ్నం, షట్టరు సగానికి దించి అన్నదమ్ములిద్దరూ బల్లకి చెరో వైపు కూర్చునేవారు. పెద్దాయన ఒక్కో వరుసా పైకి చదివేవాడు. చిన్నాయన కొట్టు పుస్తకంలో అది వెతికి, పెన్సిలుతో టిక్కు పెట్టి "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" వినబడితేనే తర్వాతి వరుస.

చిన్నాయన పోయి ఏడు నెలలైంది. గుండె ఆగిపోయింది, అంతే. మొదటి రెండుసార్లూ పెద్దాయన స్టేట్‌మెంట్లను విప్పకుండానే ఫైలులో దోపేశాడు. ఈసారి మాత్రం, ఇక లాభం లేదనుకొని, దేవుడి పటానికి దణ్ణం పెట్టుకొని ఒక్కడే కూర్చున్నాడు. చదవడమూ తనే, టిక్కు పెట్టడమూ తనే.

"మూడో తేదీ, మేకుల కంపెనీకి చెక్కు."

ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది. అయినా "ఊఁ" వినబడినట్టే అయింది. పెద్దాయనకి భయం వేయలేదు, హాయిగానే ఉంది. అలవాటు చెవిలో మిగిలిపోయిందిలే అని సర్దిచెప్పుకొని, అలాగే రెండు నెలల వరుసలు దాటించాడు.

"నాలుగో తేదీ, లాకరు అద్దె, నూట పధ్నాలుగు. మూడువేల రెండు వందలు."

ఈసారి ఏమీ వినబడలేదు.

పెద్దాయన కళ్లజోడు తీసి, తుడుచుకొని, మళ్లీ చదివాడు. తనకి ఏ బ్యాంకులోనూ లాకరు లేదు. లాకర్లో దాచేంత బంగారం ఆ ఇంట్లో ఏనాడూ లేదు. మరి ఎవరి లాకరుకి తన ఖాతాలోంచి అద్దె కట్టారు? ఖాతా తన పేరు మీదే ఉంది కాని, ఇచ్చిపుచ్చుకోవడాల కోసం తమ్ముడికి కూడా అందులో సంతకం చేసే అధికారం ఇచ్చాడు. ఆ సంగతి ఇప్పుడు గుర్తుకొచ్చింది.

లేచి, తమ్ముడి సొరుగు లాగాడు. ఏడు నెలలుగా దాన్ని ముట్టుకోలేదు. అరిగిన పెన్సిళ్లు, రబ్బరు బ్యాండ్లు, ఒక తలనొప్పి మందు డబ్బా. అన్నిటి కింద ఒక చిన్న ఇత్తడి తాళంచెవి. దాని మీద ఏ కంపెనీ ముద్రా లేదు. జీవితమంతా తాళాలు అమ్మినవాడు, ఒక్క చూపులో తేల్చేశాడు. ఇది తమ కొట్టులో అమ్మిన తాళానిది కాదు.

ఆ రోజు నుంచీ ఆ తాళంచెవి పెద్దాయన చొక్కా జేబులో చేరింది. బరువెంతో ఉండదు కాని, వంగినప్పుడల్లా గుండెకి తగిలేది.

ఇంటావిడతో చెప్పాడు. ఆవిడ గరిటె పక్కన పెట్టి గొంతు తగ్గించింది. "ఏమండీ, అన్నీ మీతో చెప్పే మనిషే కదా ఆయన."

"చెప్పేవాడనే కదా నేనూ అనుకున్నది!"

"మరి ఆ సగం వాటా కాగితాల సంగతి?"

ఆ వాటాయే ఇప్పుడు గొంతులో ముల్లయింది. కాగితాల్లో కొట్టు పెద్దాయనదే. సగం నీదిరా అని తమ్ముడికి నోటిమాటగా చెప్పిన మాట ఉంది. తమ్ముడు పోయాక ఆ సగం మరదలి పేరున రాసిస్తానని అందరి ముందూ ఒప్పుకున్నాడు. దస్తావేజు రాసేవాడు చిత్తుప్రతి తయారుచేసి సంతకానికి పిలుస్తున్నాడు. ఇప్పుడు పెద్దాయన అతనికి ఫోను చేసి "కొన్నాళ్లు ఆగుదాం" అన్నాడు. ఎందుకు అని అతను అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాడో పెద్దాయనకే తెలియదు. కొట్టు డబ్బు చాటుగా దాచుకున్నాడేమో నా తమ్ముడు, అని నోటితో అనగలడా?

మరదలు ఉదయం పూట కొట్టుకి వచ్చి బిల్లులు రాస్తుంది. తలుపు బందులు అడిగినవాడికి గడియలు అంటగట్టగలిగేంత పని నేర్చుకుంది. "బావగారూ, వంట్లో బాగోలేదా? మూడు రోజులుగా నా మొహం చూడకుండా మాట్లాడుతున్నారు" అంది. "ఏం లేదమ్మా, కళ్లజోడు మార్చాలి" అన్నాడు. కళ్లజోడు మీద నేరం మోపి బయటపడ్డాడు కాని, ఎదురు కుర్చీ వైపు చూడలేకపోయాడు. ఎవరో అక్కడ పెన్సిలు పట్టుకొని, తన జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టుంది.

మర్నాడు ఉత్తరం రాశాడు. మూడు కాగితాలు చింపి, నాలుగోది ఇలా తేల్చాడు:

"బ్రాంచి మేనేజరు గారికి నమస్కారాలు. నేను ఇనుప సామాను కొట్టు నడుపుకుంటున్నాను. మీ దగ్గర నాకున్న కరెంటు ఖాతా నంబరు చివరి అంకెలు 3847. స్టేట్‌మెంటు సరిచూసుకుంటుండగా, గత నెల నాలుగో తేదీన 'లాకరు అద్దె, 114' అని మూడువేల రెండు వందలు తీసినట్టు కనబడింది. నాకు మీ దగ్గర లాకరు లేదు. దాని కోసం నేను ఏ సంతకమూ చేయలేదు. ఆ వరుస కింద గీత గీసి స్టేట్‌మెంటు నకలు జతపరిచాను. దయచేసి విచారించి, పొరపాటైతే ఆ మొత్తం నా ఖాతాకి తిరిగి జమ చేయించగలరు. ఇకముందు ఈ అద్దె నా ఖాతాలోంచి పోకుండా చూడగలరు."

ఇక్కడితో ఆపితే సరిపోయేది. కాని కలం ఆగలేదు.

"నా ఖాతాలో సంతకం చేసే అధికారమున్న నా తమ్ముడు, కీర్తిశేషుడు, నాకు తెలియకుండా ఈ లాకరు తీసుకొని ఉంటే, ఆ సంగతి కూడా తెలుపగలరు."

బ్యాంకులో కౌంటరు అమ్మాయి ఉత్తరం చదివి, రెండు ప్రతుల మీదా తేదీ ముద్ర గుద్ది, ఒకటి తిరిగిచ్చింది. "లాకర్ల రిజిస్టరు, అద్దె ఏ ఖాతాకి ముడిపెట్టారో ఆ కాగితం, రెండూ తీయాలండీ. వారంలో చెబుతాం."

పెద్దాయన జేబులోంచి తాళంచెవి తీసి చూపించాడు. "ఇది మీ లాకరుదేనా అమ్మా?"

ఆ అమ్మాయి నవ్వేసింది. "మా తాళంచెవులు జానెడుంటాయండీ. ఇదేదో పెట్టెదిలా ఉంది."

ఆ మాటతో అనుమానం తీరాలి. తీరలేదు. లాకరుది కాకపోతే ఇంకెక్కడో పెట్టె ఉందన్నమాట, అని మనసు కొత్త దారి పట్టింది. ఆ వారమంతా పెద్దాయన కొట్టులో పైకి ఏదీ చదవలేదు, సరుకు జాబితా కూడా. చదివితే "ఊఁ" వినబడుతుందేమోనని ఒక భయం, వినబడదేమోనని ఇంకో భయం. దణ్ణం పెట్టుకునేటప్పుడు దేవుణ్ణి ఒక ప్రశ్న అడిగేవాడు. బతికున్నన్నాళ్లూ నమ్మాను కదా, ఒక్క వరుసకి ఎలా పోయింది స్వామీ ఆ నమ్మకం? పటం ఎప్పటిలాగే చిరునవ్వుతో ఉండేది.

ఎనిమిదో రోజు బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. వెళ్తే మేనేజరు కుర్చీ చూపించి, నేరుగా సంగతిలోకి వచ్చాడు. "తప్పు మాదేనండీ. ఆ లాకరు వేరే ఖాతాదారుది. పేరు నేను చెప్పకూడదు. వాళ్ల ఖాతా చివర 3874. అద్దె ఖాతా మార్చమని ఈమధ్య కాగితం ఇస్తే, మావాళ్లు ఎక్కించేటప్పుడు చివరి రెండంకెలూ అటూ ఇటూ చేశారు. అది మీ ఖాతా అయి కూర్చుంది. నిన్ననే ఆ డబ్బు మీకు తిరిగి జమ చేశాం. ఆ ముడి కూడా తీసేశాం."

పెద్దాయన కుర్చీ అంచుకి జరిగాడు. "మా తమ్ముడు..."

"మీ తమ్ముడు గారికి దీంతో ఏ సంబంధమూ లేదండీ. ఆయన పేరున ఇక్కడ లాకరే లేదు."

కొత్త స్టేట్‌మెంటు కాగితం చేతికిచ్చారు. తీసిన వరుస అక్కడే ఉంది. కింద, నిన్నటి తేదీతో, తిరిగి వేసిన వరుస ఉంది. పెద్దాయన అడిగాడు, "ఆ పైది చెరిపెయ్యరా?"

"ఒకసారి పడ్డ ఎంట్రీ చెరపమండీ. ఎదురు ఎంట్రీ వేస్తాం. చూసినవాళ్లకి రెండూ కనబడతాయి."

కొట్టుకి తిరిగి వచ్చేసరికి మరదలు బల్ల దగ్గర ఉంది. ముందు బ్యాంకు ఫైలు తెరిచి ఉంది. మేకుల కంపెనీ వాడు పాత చెక్కు నంబరు అడిగాడట, వెతుకుతుంటే ముద్ర ఉన్న ఉత్తరం చేతికొచ్చింది. ఆమె అరవలేదు. చివరి వాక్యం మీద వేలు పెట్టి ఉంచింది.

"డబ్బు వచ్చిందా బావగారూ?"

"వచ్చిందమ్మా. బ్యాంకుదే తప్పు."

"ఊఁ."

అచ్చం తమ్ముడి గొంతులా వినబడింది. పెద్దాయన కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి, ఏమీ దాచకుండా అంతా చెప్పాడు. దస్తావేజు ఆపించిన సంగతి కూడా.

ఆమె తాళంచెవిని చేతిలోకి తీసుకుంది. "ఇదా! మా అటక మీద రేకుపెట్టెది. అందులో పరీక్ష తప్పిన కాగితం ఉంటుంది. ప్యాసయ్యానని చెప్పి నన్ను చేసుకున్నాడుగా! దొరక్కూడదని తాళంచెవి ఇంట్లో పెట్టకుండా కొట్టులో దాచుకున్నాడు." కళ్లు నిండాయి, నవ్వూ వచ్చింది. "పెళ్లైన ఏడాదికే నేను మారుతాళం చేయించుకున్నాను. మీరిద్దరూ లేనప్పుడు సొరుగులోంచి ఇది తీసి, మీ కొట్టులోనే, కుర్రాడి చేత. ఆయనకి చెప్పలేదు పాపం, సిగ్గుపడతాడని."

కళ్లు తుడుచుకొని అంది, "ఆయన మీతో అబద్ధమాడింది ఒక్కటి చూపించండి బావగారూ."

తాళంచెవి బల్ల మీద పెట్టి, మళ్లీ ఉత్తరం మీద వేలు ఉంచింది.

"ఆ ఉత్తరం బ్యాంకులో ఇంకా ఉంటుందా?"

"ఉంటుందమ్మా."

"అయితే పోయిన మనిషి మీద ఆ మాట అక్కడ అలాగే ఉంటుందన్నమాట."

పెద్దాయన వెంటనే కాగితం తీశాడు. ఈసారి ఒక్కటీ చింపలేదు. "ఫలానా తేదీన మీకిచ్చిన ఉత్తరంలో నా తమ్ముడి గురించి రాసిన వాక్యం నా తప్పు. ఆ లాకరుతో అతనికి ఏ సంబంధమూ లేదని మీ విచారణలోనే తేలింది. బతికున్నన్నాళ్లూ అతను నా ఖాతాలో నాకు తెలియకుండా ఒక్క సంతకం చేయలేదు. ఈ ఉత్తరాన్ని ఆ ఉత్తరంతో కలిపి ఉంచగలరు." దస్తావేజు రాసేవాడికి ఫోను చేసి, రేపు పొద్దున్నే వస్తున్నామని చెప్పాడు. ఆ తర్వాత ఇద్దరూ బ్యాంకుకి వెళ్లారు.

కౌంటరు అమ్మాయి చదివి, ముద్ర గుద్దింది. పాత ఉత్తరం తీసి, కొత్తది దాని మీద పెట్టి, దారంతో కట్టింది.

"పాతది తీసెయ్యడం కుదరదా అమ్మా?" అన్నాడు పెద్దాయన, జవాబు తెలిసే.

"కుదరదండీ. కాని పైన ఇదే కనబడుతుంది."

సెలవు రోజు మధ్యాహ్నం షట్టరు సగానికి దించారు. ఎదురు కుర్చీలో మరదలు కూర్చుంది. పెద్దాయన కొత్త స్టేట్‌మెంటు పైకి చదివాడు. ఆమె వెతికి టిక్కు పెడుతోంది, మాట లేకుండా.

"నాలుగో తేదీ, లాకరు అద్దె, నూట పధ్నాలుగు" అని చదివి ఆగాడు. షట్టరు కింద నుంచి వెలుతురు చారలా బల్ల దాకా వచ్చి ఉంది. చెవి నిక్కించి విన్నాడు. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టారు. అంతే.

"ఆగారేం బావగారూ?"

"వాడు ఊఁ అంటాడేమోనని."

ఆమె పెన్సిలు ఎత్తి పట్టుకొని తనూ విన్నది. తర్వాత, ఇద్దరూ చాలాసేపు విన్నాక, మెల్లిగా "చదవండి" అంది. పెద్దాయన కింది వరుస చదివాడు.