నలభై మూడు మంది ఒకే మాట

రాజరత్నం మద్రాసు విశ్వవిద్యాలయంలో డాక్టరు పట్టా తీసుకుని వచ్చిన ఏడాది, బేస్తవారిపేట దగ్గర వాళ్ల పల్లెలో ఇద్దరు ముసలివాళ్లు జ్వరానికి మందడగడానికి వచ్చారు. మందివ్వని డాక్టరునని ఆయన చాలాసేపు వివరించాడు. వాళ్లు ఓపిగ్గా విని, మరి ఇన్నాళ్లూ అక్కడ ఏం చదివినట్టు అన్న అనుమానాన్ని మర్యాదగా మనసులోనే పెట్టుకుని వెళ్లిపోయారు. ఆ అనుమానం రాజరత్నానికి మాత్రం ఎన్నడూ రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

ఆయన చదివింది కూలి గురించి. మార్కాపురం, కంభం తాలూకాల మెట్ట పొలాల్లో కూలివాళ్లకు డబ్బుకు బదులు గింజలివ్వడం గురించి ఇంగ్లీషులో అయిదు వందల ఎనభై పేజీల సిద్ధాంత గ్రంథం రాశాడు. ఏడు అధ్యాయాలు, యాభై ఒక్క పట్టికలు, పేజీల అడుగున తొమ్మిది వందల పైచిలుకు అధోజ్ఞాపికలు, అయిదు అనుబంధాలు. పరీక్షకులిద్దరూ మెచ్చుకున్నారు. గుంటూరులో లెక్చరరు ఉద్యోగం వచ్చింది. ఇక మిగిలింది పుస్తకం. అట్ట మీద తన పేరున్న పుస్తకం ఎవరి చేతిలోనైనా చూడకపోతే ఈ చదువంతా గంగలో పోసినట్టేనని ఆయన గట్టి నమ్మకం.

మద్రాసులో ఒక ప్రచురణ సంస్థకు పంపాడు. కరుణాకరం అనే సంపాదకుడు నాలుగు నెలలు ఉంచుకుని, నాలుగు పేజీల ఉత్తరంతో తిప్పి పంపాడు. విషయం బంగారం లాంటిదట. పుస్తకం మాత్రం ఇంకా పుట్టలేదట. ఇది తన సొంత పనేనని విశ్వవిద్యాలయానికిచ్చిన వాంగ్మూలం, గైడు ధ్రువపత్రం తీసేయాలి. అంతకుముందు ఎవరెవరు ఏమేం రాశారో చెప్పే రెండో అధ్యాయం మొత్తం పోవాలి, అందులో పనికొచ్చే నాలుగు మాటలు ఎక్కడివక్కడ కలపాలి. పరిశోధన పద్ధతి గురించిన అధ్యాయం రెండు పేజీల వివరణై పుస్తకం చివరికి పోవాలి. పట్టికలు ఆరు మించకూడదు. అనుబంధాలు అక్కర్లేదు. "గత అధ్యాయంలో చూచితిమి, రాబోవు అధ్యాయంలో చూడబోదుము" అన్న వాక్యాలు కనిపించిన చోటల్లా కొట్టేయాలి. ఉపోద్ఘాతం అన్నిటికంటే చివర, మొదటినుంచీ కొత్తగా రాయాలి. "మీరు ఇద్దరు పరీక్షకులను చూసి భయపడుతూ రాశారు. పాఠకుడికి మిమ్మల్ని పరీక్ష తప్పించే అధికారం లేదు, పుస్తకం మూసేసే అధికారం ఉంది" అని రాశాడు కరుణాకరం. యుద్ధం వల్ల కాగితం కరువుగా ఉంది, జూన్ నెలాఖరులోగా రాతప్రతి అందకపోతే ఈ కాగితం ఇంకొకరికి పోతుంది అన్నది ఆఖరి వాక్యం.

అంతా చదివి రాజరత్నం ఒక రోజంతా అన్నం సరిగ్గా తినలేదు. తొమ్మిది వందల అధోజ్ఞాపికలు అంటే మాటలా! ఒక్కోదానికి ఒక్కో మధ్యాహ్నం ఖర్చయింది. రెండో రోజు ఆకలేసింది కాబట్టి తిన్నాడు. వేసవి సెలవులకు భార్య ప్రేమకుమారితో కలిసి పల్లెకొచ్చి, వసారాలో చాప వేసుకుని, కార్బన్ ప్రతి, కత్తెర, గిన్నెలో మైదా గంజి ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

తల్లి మగ్దలీనమ్మ ఆ కత్తెర చూసి, చొక్కా కుడతావా నాయనా అని అడిగింది. పుస్తకం చేస్తున్నానన్నాడు. ఉండేదాన్ని ముక్కలు చేస్తే పుస్తకమెట్ల అవుతుందో ఆమెకు అర్థం కాలేదు. మొదటి వారం ఆయనకూ అర్థం కాలేదు. పొద్దున ఒక పేరా కత్తిరించేవాడు, సాయంత్రానికి దాని మీద జాలేసి మళ్లీ అంటించేవాడు. వారం తిరిగేసరికి అయిదు వందల ఎనభై పేజీల గ్రంథం గంజి బరువుతో కలిపి ఇంకాస్త లావెక్కింది.

చివరికి దారి చూపింది ప్రేమకుమారే. ఆమె మార్కాపురం మిషన్ బడిలో టీచరుగా పనిచేసిన మనిషి, ఇంగ్లీషు బాగా వచ్చు, మొగుడి గ్రంథమంటే ప్రత్యేకమైన భయభక్తులేమీ లేవు. కూలి రకాల ప్రకారం ఉన్న అధ్యాయాలను పనుల ప్రకారం మార్చమంది. దున్నకం, కలుపు, కోత, నూర్పిడి: ఏడాది ఎట్లా నడిస్తే పుస్తకం అట్లా నడుస్తుంది. రాజరత్నం మొదట నవ్వాడు, తర్వాత కోప్పడ్డాడు, ఆ తర్వాత అది తనకే తట్టినట్టు మొదలుపెట్టాడు. మూడు చోట్ల చెల్లాచెదరుగా ఉన్న కలుపు సంగతులు ఒక్క చోటికొచ్చేసరికి, తన గ్రంథంలో తనకే మొదటిసారి ఒక మనిషి పనిచేస్తూ కనబడింది. అధోజ్ఞాపికల్లో సగం వాటంతటవే రాలిపోయాయి. మిగతావి అధ్యాయాల చివరికి చేరాయి.

కరుణాకరం ఇంకో సలహా కూడా ఇచ్చాడు. ప్రతి అధ్యాయమూ ఈ విషయం చదవని వాళ్లెవరికైనా వినిపించండి, వాళ్లు ఎక్కడ ఆవులిస్తారో చూడండి అని. డాక్టరుగారికి అది నామోషీ. ప్రేమకుమారి ఆ పని తన నెత్తిన వేసుకుంది. మధ్యాహ్నాలు అత్త ఆముదపు కాయలు వలుస్తుంటే, పక్కన కూర్చుని ఒక్కో పేజీ తెలుగులో చెప్పేది. మగ్దలీనమ్మ దున్నకంలో రెండుసార్లు ఆవులించింది. కలుపులో కునుకు తీసింది. కోతలో పరిగె భాగం వచ్చేసరికి చేతిలో కాయలు వదిలేసి ఫక్కున నవ్వింది.

పరిగె అంటే కోసిన చేలో రాలిన కంకులు కూలి ఆడవాళ్లు ఏరుకోవడం. దాని మీద రాసిన నాలుగో అధ్యాయమే రాజరత్నానికి ప్రాణం. పరిగె ఆచారం ఆ తాలూకాల్లో అంతరించిందని అందులో తేల్చాడు. మూడు పల్లెల్లో నలభై మూడు మంది ఆడవాళ్లను అడిగితే, నలభై మూడు మందీ మాకు పరిగె లేదు, చేలో కంకి రాలడమే లేదు అన్నారు. ఇంత ఏకాభిప్రాయం అపురూపమని పరీక్షకుల్లో ఒకాయన ప్రత్యేకించి రాశాడు. ఆ వాక్యం రాజరత్నానికి కంఠతా వచ్చు.

ఎందుకమ్మా నవ్వుతావు అని వచ్చి అడిగాడు.

"నవ్వక ఏం చేయాల? అందరం ఒకే మాట చెప్పాలని ముందురోజే అనుకుంటిమి" అంది మగ్దలీనమ్మ. "నువ్వేమో కరణం అరుగు మీద కుర్చీ ఏసుకుని, పుస్తకం తెరిచి, పేరేంది, వయసేంది, పరిగె ఎంత ఏరతావు అని అడిగినావు. పక్కన చేను గలాయన నిలబడుండె. ఎట్ల చెప్తాం నాయనా?"

నిజమేమిటో ఆమె కాయలు వలుస్తూ నింపాదిగా చెప్పుకొచ్చింది. పరిగె లేకపోవడమేమిటి, ఉంది. కంకులు రాలడం లేదు, రాలుస్తారు. కోసేటప్పుడు కొడవలి కాస్త అటూ ఇటూ పోనిచ్చి, సాలుకు నాలుగు కంకులు మట్టిలోకి పోనిస్తారు. సాయంత్రం వచ్చి ఏరుకుంటారు. ఇంటికి చేరే గింజల్లో మూడో వంతు ఇవే. ఇచ్చే గింజలు కడుపుకు చాలవు కాబట్టి, చాలని కూలిని కొడవలితోనే సరిచేసుకుంటారు. ఎన్ని పోనివ్వాలో కోత మొదలుపెట్టే ముందు ఆడవాళ్లు మాట్లాడుకుంటారు. ఎక్కువ పోనిస్తే కనబడుతుంది.

కూలి గురించి అయిదు వందల ఎనభై పేజీలు రాసినవాడికి, కూలిలో మూడో వంతు చెప్పులోని మట్టంత దగ్గర ఉండీ కనబడలేదు. పైగా ఆ నలభై ముగ్గురిలో పదిహేడో నెంబరు ఎవరనుకున్నారు? మగ్దలీనమ్మే. అనుబంధం అయిదులో "పదిహేడు: మగ్దలీనమ్మ, వితంతువు, కూలి, వయసు సుమారు యాభై" అని రాశాడు. తన తల్లి అని రాయలేదు. పరిశోధకుడికి తల్లి ఉంటే పరీక్షకులు పక్షపాతమంటారని భయం. అంతకంటే లోపల, కూలి మనిషి కొడుకంటారని సిగ్గు. ఆ రోజు అరుగు ముందు నిలబడి ఆమె తనను "అయ్యా" అంది. అందరి ముందూ మర్యాద ఇచ్చిందని మురిసిపోయాడు. ఇప్పుడు తలుచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రెండు రోజులు నాలుగో అధ్యాయం జోలికి పోలేదు. ఉన్నదున్నట్టు వదిలేస్తే ఎవరికీ తెలియదు, పట్టా నిలుస్తుంది, పుస్తకం జూన్‌కు పోతుంది. మార్చి రాస్తే, మెప్పు పొందిన అధ్యాయమే తప్పని తానే చాటుకోవాలి. కాలేజీలో నవ్వుతారు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ ఆడవాళ్ల మాటేమిటి? ఈ మూడో భయం మొదటి రెండింటి తర్వాత వచ్చింది. అందుకు కూడా ఆయన సిగ్గుపడ్డాడు.

మూడో రోజు తల్లినే అడిగాడు. రాస్తే చేను గలవాళ్లకు తెలిసిపోతుంది కదా అన్నాడు.

"వాళ్లకు తెలీకేం? తెలిసీ తెలీనట్టుంటారు" అందామె. "కాగితం మీద పేరు కనబడితే మాత్రం ఊరుకోరు. ఎవురి పేరూ రాయొద్దు, ఊరి పేరూ రాయొద్దు. నా ఒక్కదాని పేరు రాయి."

"నీ పేరెందుకమ్మా?"

"నేనింక కోతకు పోయేదేముంది, మోకాళ్లు పోయినాయి. వాళ్లింకా పోవాల. ఒక్క పేరన్నా లేకుంటే నిజమని ఎవురు నమ్ముతారు నీ పుస్తకాన్ని?"

రాజరత్నం ఏడ్చాడు. డాక్టరు పట్టా వచ్చిన మనిషి వసారాలో చాప మీద కూర్చుని ఏడవడం చూడ్డానికి అంత బాగుండదు గానీ, ఏడ్చాడు.

ఆ మధ్యాహ్నమే అనుబంధం అయిదు కత్తిరించాడు. కరుణాకరం వద్దన్నా ఇన్నాళ్లూ అదొక్కటి మాత్రం వదలనని మొండికేశాడు, అందులో ఊళ్లూ పేర్లూ వరుసగా ఉన్నందుకే అది తన నిజాయితీకి రుజువని. ఇప్పుడు ఆ కాగితాలు తల్లికే ఇచ్చాడు. ఆమె పొయ్యిలో పెట్టింది. నాలుగో అధ్యాయం మొదటినుంచీ రాశాడు. అరుగు మీద కుర్చీ వేసుకున్నవాడికి ఆడవాళ్లు ఎందుకు ఒకే మాట చెబుతారన్నది దాని విషయం. పల్లెలన్నీ పేరు లేని పల్లెలయ్యాయి. ఉపోద్ఘాతం కరుణాకరం చెప్పినట్టే అన్నిటికంటే చివర రాశాడు. పాతది "కూలి అను పదమునకు నిర్వచనము" అని మొదలయ్యేది. కొత్తది ఇట్లా మొదలయింది: "నా తల్లి మగ్దలీనమ్మ కూలికి పోయి, పరిగె ఏరి, ఆ జొన్నలతో నన్ను పెంచింది. పరిగె గురించి నేను అడిగితే నాకు అబద్ధం చెప్పింది. అడగడం రాని వాడికి చెప్పాల్సిన సమాధానం అదే."

జూన్ మూడో వారంలో కట్ట కట్టాడు. రెండు వందల ముప్ఫై పేజీలు. మార్కాపురం పోస్టాఫీసుకు బయలుదేరుతుంటే మగ్దలీనమ్మ ఆపి, తన పేరు ఎక్కడుందో చూపించమంది. చూపించాడు. ఆమె దాని మీద వేలు పెట్టి కాసేపు ఉంచింది. తర్వాత మిగతా పేజీలన్నీ ఒక్కొక్కటే తిప్పమంది. చదువు రాదు, అయినా ప్రతి పేజీ చూసింది.

"మిగిలినోళ్లవి యాడా లేవు కదా?"

లేవన్నాడు. మద్రాసు విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఉన్న పాత గ్రంథంలో మాత్రం అందరి పేర్లూ, ఊళ్లూ ఉన్నాయి, దాన్ని మార్చడానికి వీల్లేదు అని దిగులుగా చెప్పాడు.

"అందులో మేమెవురమూ పరిగె ఏరడం లేదనే కదా రాసినావు?"

అవునన్నాడు.

"అయితే అది అట్లనే ఉండనీ నాయనా" అంది మగ్దలీనమ్మ. "రేపు చేను గలాయన అడిగితే చూపడానికి అది మాకు పనికొస్తుంది."

నాలుగేళ్ల కష్టం, అయిదు వందల ఎనభై పేజీలు ఎవరికి ఎందుకు పనికొస్తాయో రాజరత్నానికి ఆ రోజు తెలిసింది. కట్ట చంకలో పెట్టుకుని బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాడు.