స్కోపులో భద్రయ్య

తునికాకు కాంట్రాక్టరు భద్రయ్యకు యాభయ్యో ఏట హీరో కావాలని బుద్ధి పుట్టింది. మనిషి ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. అయినా చేతిలో పైసలున్నవాడికి ఇల్లందులో అడ్డు చెప్పేదెవరు? హైదరాబాదులో సినిమాలకు అసిస్టెంటుగా పనిచేసి వచ్చిన రాజేష్ డైరెక్టరయ్యాడు. ఖమ్మంలో పెళ్లి వీడియోలు తీస్తూ, అప్పుడప్పుడు పెద్ద సినిమాలకు ఫోకస్ పట్టిన జావీద్‌ని, అంటే నన్ను, కెమెరామన్‌ని చేశారు. నా మొదటి సినిమా. ఇది తెర మీద పడకపోతే మళ్లీ పెళ్లి పందిళ్లే గతి.

రాజేష్‌కు అనమార్ఫిక్ లెన్సు కావాలి. అది బొమ్మను అడ్డంగా సగానికి నొక్కి ఫిల్ము మీద పడేస్తుంది. థియేటర్లో ప్రొజెక్టరుకు తగిలించే లెన్సు దాన్ని మళ్లీ రెండింతలు సాగదీస్తుంది. అప్పుడే వెడల్పాటి స్కోపు తెర నిండుతుంది.

"మనకెందుకన్నా? అడవిల వెలుగు తక్కువ. ఈ లెన్సుకు ఎక్కువ లైట్లు కావాలె. దగ్గరికి పోతె ఫోకస్ దొరకది. మామూలు లెన్సు చాలు," అన్నాను.

"లైటు పడితె నీలం గీత అడ్డంగా ఎల్లాలె. ఎనక దీపాల మసక చుక్కలు గుడ్డు లెక్క నిలువుగ నిలబడాలె. గవి లేకపోతె సినిమా ఎట్లయితది?"

భద్రయ్యకు గీతలూ గుడ్లూ తెలియవు. పెద్ద సినిమాలకు వాడేదేదో అదే తెమ్మన్నాడు. తద్దినం కొనితెచ్చుకోవడమంటే ఇదే.

మొదటిరోజు భద్రాచలం అవతలి అడవిలో కాలేజీ కుర్రాడి వేషంలో భద్రయ్య నడిచొచ్చాడు. షాటయ్యాక మానిటర్ చూసి అక్కడే నిలబడిపోయాడు. మానిటర్ నొక్కిన బొమ్మను నొక్కినట్టే చూపిస్తుంది. అందులో ఆయన సన్నగా, పొడుగ్గా, వెదురు బొంగులా ఉన్నాడు.

"జావీదూ, నీ చేతుల ఏందో మహిమ ఉన్నదిరా!"

నిజం చెప్పబోయాను. రాజేష్ నా కాలు తొక్కాడు. భద్రయ్య భార్య సుశీలమ్మ మానిటర్నీ మొగుణ్ణీ మార్చి మార్చి చూసింది.

"మరి గా బర్రె గూడ మేకపిల్ల లెక్కయింది, ఎందుకు?"

"గది గూడ బాగనే ఉన్నది," అన్నాడు భద్రయ్య.

ఇక పండగే. ఆయన అన్నం తగ్గించింది లేదు, క్లోజప్పులు పెంచాడు. దగ్గరికి వెళ్తే ఫోకస్ దొరకదు. లెన్సు ముందు అదనపు అద్దం తగిలిస్తే, ఆయన ఊపిరి తీసుకున్నా మసకే. రాజేష్ నీలం గీత కోసం మిట్టమధ్యాహ్నం కూడా హీరో చేతికి టార్చిలైటిచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయేది. ఒక్కరోజు మాత్రం లెన్సు మీద కోపం పోయింది. తెల్లవారుజామున గోదావరి, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా, మధ్యలో ఒక్క నాటుపడవ. అలాంటి షాటు మళ్లీ తీయగలనో లేదో.

ప్రింటు వచ్చాక ఖమ్మంలో ఒక థియేటర్లో పొద్దున్నే వేసి చూశాం. ఆపరేటర్ బొజ్జయ్య స్కోపు లెన్సు తగిలించాడు. తెర మీద హీరోయిన్ శ్యామల చెయ్యి పట్టుకున్న భద్రయ్య తన అసలు వెడల్పులోకి వచ్చేశాడు.

"ఎవడ్రా నన్ను గిట్ల సాగదీసింది?" అని లేచాడు.

"ఆపరేటర్ తప్పు సార్," అన్నాడు రాజేష్, సిగ్గులేకుండా.

"నా లెన్సు సరిగ్గనే ఉన్నది," అని పైనుంచి బొజ్జయ్య అరిచాడు.

ఇక దాచి లాభం లేదు. "సార్, మానిటర్ల నొక్కిన బొమ్మ కనబడ్డది. గిదే మీ అసలు బొమ్మ," అన్నాను.

"అయితె ఆ లెన్సు పీకు! నొక్కినట్టే రిలీజ్ చేస్త. లేకుంటె డబ్బాలన్ని గోదాట్ల కలుపుత!"

బొజ్జయ్య మామూలు లెన్సు పెట్టాడు. భద్రయ్య సన్నబడ్డాడు. ఎడ్లబండి చక్రాలు నిలువునా సాగాయి. నా గోదావరి పంటకాలువయింది, పడవ నిలబెట్టిన చెప్పులా ఉంది. ఇదా నా మొదటి సినిమా?

అప్పుడు సుశీలమ్మ లేచింది.

"బొజ్జయ్యా, గా లెన్సు మళ్ల పెట్టు."

"నువ్వు కూసో," అన్నాడు భద్రయ్య.

"ఎందుకు కూసుంట? ముప్పై ఏండ్లు నీతోని కాపురం చేసిన. గా బక్కోడు ఎవడో నాకు తెల్వది. ఆడు శ్యామల చెయ్యి పట్టుకుంటె నాకేం కోపం రాలే. ఇందాక నువ్వు పట్టుకున్నప్పుడు మాత్రం ఒళ్లు మండింది. నా మొగుణ్ణి నాకు చూపియ్యి."

వెనక కూచున్న శ్యామల తల దించుకుని నవ్వు ఆపుకుంది. భద్రయ్య పైకి చూసి చెయ్యి ఊపాడు. బొజ్జయ్య లెన్సు మార్చాడు. గోదావరి ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పరుచుకుంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. వెంటనే తెర మీదికి భద్రయ్య వచ్చి నదికి అడ్డంగా నిలబడ్డాడు.

ఆయన తెర మీది తననే చూసుకుంటూ, మెల్లగా సుశీలమ్మ వైపు వంగాడు.

"పర్లేదే. తెర సరిపోతున్నది."