కస్టర్డ్ పలచబడుతోంది

రజిని దగ్గింది.

వేణుమాధవ్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. చెంచా పక్కన పెట్టి, భార్య వీపు వెనక చెయ్యి వేసి ముందుకు వంచాడు. మళ్ళీ దగ్గు. ఈసారి తడిగా, గొంతు లోపల ఏదో గురగురలాడుతున్నట్టు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాసేపటికి సర్దుకుంది.

అతను గిన్నెలోకి చూశాడు. పావుగంట క్రితం చెంచా నిలబడేంత చిక్కగా ఉన్న కస్టర్డ్ ఇప్పుడు గిన్నె వంచితే మజ్జిగలా అటూ ఇటూ పారుతోంది.

వారం నుంచి ఇదే తంతు. గిన్నెలో పోసినప్పుడు చిక్కగా ఉంటుంది. సగం తినేసరికి నీళ్ళవుతుంది. నీళ్ళయితే రజినికి ప్రమాదం. ఏప్రిల్‌లో స్ట్రోక్ వచ్చాక ఆమెకు మాట పోయింది, కుడి చెయ్యి పోయింది, మింగడం కూడా పాడైంది. పలచటిది ఏదైనా అన్నవాహికకు బదులు ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. జూన్‌లో అలా జారడం వల్లే న్యుమోనియా వచ్చింది. ఇంకోసారి వస్తే నోటితో తినిపించడం మానేసి కడుపులోకి ట్యూబ్ వెయ్యాల్సి ఉంటుందని డాక్టర్ చెప్పాడు. ఆ ట్యూబ్ బొమ్మ చూపించినప్పుడు రజిని తల అడ్డంగా ఊపింది. అర్థమైందో లేదోనని డాక్టర్ మళ్ళీ అడిగాడు. మళ్ళీ ఊపింది. మూడోసారి అడగబోతే ఎడమ చేత్తో ఆ కాగితాన్ని తోసేసింది.

కాబట్టి వేణుమాధవ్‌కి ఉన్న పని ఒకటే. కస్టర్డ్ చిక్కగా ఉండాలి. చివరి చెంచా దాకా.

"మళ్ళీ థిన్ అయిపోయిందా నాన్నా?" స్మృతి లాప్‌టాప్ మూసి వచ్చింది. రెడ్‌మండ్‌లో ఉద్యోగం. తల్లి కోసం చాండ్లర్‌లోని అమ్మానాన్నల ఇంటికి వచ్చి ఇక్కణ్ణించే పని చేస్తోంది.

"అయింది."

"కార్న్‌ఫ్లోర్ తక్కువ వేశావేమో."

"ఒక స్పూన్ ఎక్కువే వేశాను."

ఆ మాట నిజం. కస్టర్డ్ విషయంలో అతనిప్పుడు కొత్తవాడు కాదు. మొదటిరోజు చేసిన తప్పు అతనికి జన్మలో గుర్తుంటుంది. పాలు మరుగుతుండగా కార్న్‌ఫ్లోర్ తిన్నగా అందులో వేసేశాడు. వేడి తగలగానే పిండి పైపైన ఉడికి ఉండలు కట్టింది. లోపలంతా పొడి పిండే. గరిటెతో ఎంత చిదిమినా చిన్న ఉండలు మిగిలాయి. వాటిలో ఒకటి రజిని గొంతులో అడ్డం పడింది. ముఖం ఎర్రబడి, పెదాలు నల్లబడి, చివరికి ఆ ఉండ బయటికొచ్చేదాకా అతని ప్రాణం అతనిలో లేదు.

ఆ తరవాత నేర్చుకున్నాడు. పిండిని ముందు చల్లటి పాలలో కలపాలి, గిన్నె అడుగున ఏమీ మిగలకుండా. స్టవ్ మీది పాలు వేడెక్కాక మంట తగ్గించి, ఆ కలిపిన పాలను మళ్ళీ ఒకసారి కదిపి, సన్నటి ధారగా పొయ్యాలి. రెండో చెయ్యి కలుపుతూనే ఉండాలి, అడుగూ మూలలూ వదలకుండా. చిక్కబడగానే దింపేస్తే నాలుక మీద పచ్చి పిండి వాసన. ఒకటి రెండు బుడగలు వచ్చాక ఇంకో రెండు నిమిషాలు సన్నటి మంట మీద ఉంచితే ఆ వాసన పోతుంది. అప్పుడు జల్లెడలో వడకట్టాలి.

ఇన్ని చేసినా ఆ ఉండ భయం పోలేదు. అందుకే ప్రతి చెంచా ముందు తన నోట్లో పెట్టుకుని చూసేవాడు. నాలుక కొసతో కొంచెం. ఉండ లేదు, వేడి లేదు, అని తేలాకే మిగిలింది ఆమె నోటికి. మళ్ళీ అదే చెంచా గిన్నెలోకి.

రజిని ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఇలాంటిది ఆ ఇంట్లో ఊహకు కూడా అందేది కాదు. కూరలో ఉప్పు చూడాలంటే గరిటెతో అరచేతిలో వేసుకుని చూసేది. నోట్లో పెట్టిన చెంచా గిన్నెలోకి వెళ్ళిందంటే ఆ గిన్నె మొత్తం సింక్‌లో పడేది. స్మృతి హైస్కూల్ స్నేహితురాలొకతి ఐస్‌క్రీమ్ డబ్బాలో తిన్న చెంచా ముంచిందని, ఆ పిల్లకే డబ్బా బహుమతిగా ఇచ్చి పంపేసింది. వేణుమాధవ్ ఆ పట్టింపుల్ని ఏళ్ళ తరబడి ఎగతాళి చేశాడు. "ఇంట్లో నువ్వు పెట్టిన రూల్స్ మా క్లీన్‌రూమ్‌లో కూడా లేవు," అనేవాడు. అతను దుమ్ము కూడా చొరబడని గదుల్లో కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో ప్రాసెస్ ఇంజినీర్.

ఇప్పుడు తినిపిస్తుంటే ఆమె ఒక్కోసారి ఎడమ చేత్తో అతని మణికట్టు పట్టుకుని గిన్నె మీంచి పక్కకి నెట్టేది. కాలుతోందేమో అనుకున్నాడతను. ఇంకా జాగ్రత్తగా రుచి చూడటం మొదలుపెట్టాడు.

మర్నాడు స్మృతి రంగంలోకి దిగింది. కార్న్‌ఫ్లోర్ మీద ఆమెకు నమ్మకం పోయింది. వైట్ సాస్ చేస్తానంది. బాణలిలో వెన్న కరిగించి, మైదా వేసి, రంగు మారకుండా పచ్చి వాసన పోయేదాకా సన్నటి మంట మీద వేయించింది. బాణలి పక్కకి తీసి, పాలు కొంచెం పోసి ముద్దగా కలిపింది. మళ్ళీ కొంచెం. ముద్ద నున్నగా అయ్యాకే ఇంకొంచెం. అన్నీ పోశాక తిరిగి స్టవ్ మీద పెట్టి, ఆపకుండా కలుపుతూ ఉడికించింది. మిరియాల పొడి బదులు, గొంతులో పట్టకుండా, జీలకర్ర నానబెట్టిన నీళ్ళు రెండు చుక్కలు. రజిని మొదటి చెంచా తిని కూతురి వైపు చూసింది. స్ట్రోక్ తరవాత ఆమె ముఖంలో నవ్వులాంటిది కనిపించడం అదే మొదటిసారి. స్మృతి ఆఫీస్ మీటింగ్ ఉందని లేచింది. మిగిలింది వేణుమాధవ్ తినిపించాడు.

సగం గిన్నె అయ్యేసరికి వైట్ సాస్ జారిపోతోంది. రజిని మళ్ళీ దగ్గింది.

అతను గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళాడు. స్టవ్ మీద బాణలి అడుగున మిగిలిన సాస్ గరిటెకు అంటుకుని గట్టిగా ఉంది. అదే పాలు, అదే పిండి, అదే మంట. బాణలిలో చిక్కగా, గిన్నెలో నీళ్ళుగా.

ఫ్యాక్టరీలో ఒక బ్యాచ్ పాడైతే అతను వేసే మొదటి ప్రశ్న, దీన్ని ఏం తాకింది అని. ఇక్కడా అదే వేసుకున్నాడు. గిన్నె తాకింది. చెంచా తాకింది. చెంచాని ఏం తాకింది?

తరవాత కొత్తగా కస్టర్డ్ చేసి మూడు కప్పుల్లో పోసి, గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాడు. ఒకటి ముట్టుకోలేదు. రెండోది శుభ్రమైన చెంచాతో కలిపాడు. మూడోదాన్ని నోట్లో పెట్టుకుని తీసిన చెంచాతో కలిపాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

మూడో కప్పు అతని కళ్ళముందే కరిగిపోయింది.

ఇంటికొచ్చి మింగడం నేర్పే థెరపిస్ట్ మేగన్‌కి ఫోన్ చేశాడు. ఆమె అంతా విని, చెంచా మళ్ళీ గిన్నెలోకి పెడుతున్నారా అని అడిగింది. ఉమ్ములో పిండిని అరిగించే పదార్థం ఉంటుందనీ, కార్న్‌ఫ్లోర్ అయినా మైదా అయినా దానికి లొంగుతుందనీ వివరించింది. మంచినీళ్ళు చిక్కగా చెయ్యడానికి తను ఇచ్చిన డబ్బాలోని పొడి మాత్రం పిండితో చేసింది కాదు, ఒక రకం జిగురు, అందుకే దాంతో కలిపిన మంచినీళ్ళు పలచబడటం లేదట. తినేటప్పుడు చిన్న గిన్నెలోకి కొంచెం కొంచెం తీసుకోమని, నోట్లో పెట్టిన చెంచా అందులో ముంచవద్దని చెప్పింది. ఈ మాట ముందే చెప్పాల్సింది నేను, సారీ అంది. అతను ఫర్వాలేదన్నాడు. ఫోన్ పెట్టేశాక ఏం ఫర్వాలేదో అతనికే తెలియలేదు.

స్మృతికి మూడు కప్పులూ చూపించాడు. ఆమె మూడో కప్పు వంచి చూసింది.

"అందుకే నాన్నా," అంది. "అమ్మ నీ చెయ్యి నెట్టేది."

"కాలుతోందనుకున్నాను."

"ఎంగిలి చేస్తున్నావని."

వేణుమాధవ్ హాల్లోకి చూశాడు. రజిని కిటికీ పక్కన చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె చెప్పింది. నోరు లేకపోయినా రోజూ చెప్పింది. వినని వాడు తను.

ఆ సాయంత్రం ఆమెకు జ్వరం వచ్చింది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే చూసిన డాక్టర్ కొత్తమాటేం చెప్పలేదు. కుడి ఊపిరితిత్తి అడుగున మళ్ళీ న్యుమోనియా. మందులతో జ్వరం దిగింది కానీ రజిని కోలుకోలేదు. మింగే బలం ఇంకా తగ్గిపోయింది. ట్యూబ్ సంగతి మళ్ళీ వచ్చింది. స్మృతి వెయ్యమంది. "అమ్మా, ప్లీజ్, నాకోసం," అని మంచం మీదికి వంగి ఏడ్చింది. రజిని కూతురి జుట్టు నిమిరింది. నిమురుతూనే తల అడ్డంగా ఊపింది.

డాక్టర్ వేణుమాధవ్ వైపు తిరిగాడు. భర్తగా అతని మాట కూడా కావాలి.

ఔనంటే రజిని ఇంకొన్ని నెలలు ఉంటుందేమో. ఆ నెలలు అతనికి కావాలి. తను పాడుచేసిన దాన్ని ఎలాగైనా సరిచేసుకోవాలనే మనిషికి అంతకంటే ఏం కావాలి? నోరు తెరిచాడు. రజిని అతన్నే చూస్తోంది.

"తను వద్దంటోంది," అన్నాడు. "వద్దు."

స్మృతి ఆ రోజంతా తండ్రితో మాట్లాడలేదు.

ఇంటికి తీసుకొచ్చారు. ఇక జాగ్రత్తలన్నీ ఆమె హాయికోసమే అని, చివరి రోజుల్లో ఉన్నవాళ్ళని ఇంటికొచ్చి చూసే హాస్పిస్ నర్సు చెప్పింది. ఆమె అడిగితే పెట్టండి, వద్దంటే బలవంతం చెయ్యకండి అంది. ఆ మధ్యాహ్నం వేణుమాధవ్ కస్టర్డ్ చేశాడు. చల్లటి పాలలో పిండి కలిపాడు. సన్నటి ధారగా పోశాడు. బుడగలు వచ్చాక ఆగాడు, వాసన చూశాడు, దింపాడు, వడకట్టాడు. స్మృతి పక్కన నిలబడి చూస్తోంది. ఏమీ అనకుండా రెండు చెంచాలూ ఒక చిన్న కప్పూ తీసి అతని ముందు పెట్టింది.

ఒక చెంచాతో గిన్నెలోంచి కప్పులోకి ఒక ముద్దకు సరిపడా వేశాడు. అతను రుచి చూడలేదు. ఉండ ఉందేమోనన్న భయం పోలేదు. అయినా చూడలేదు. రెండో చెంచాతో కప్పులోది ఆమె పెదాలకు అందించాడు.

రజిని మింగింది. దగ్గలేదు. అతని మణికట్టు వైపు ఆమె చెయ్యి కదలలేదు.

"ఉండలు లేవు కదా?" అని అడిగాడు, ఆమెకు మాట రాదని తెలిసి కూడా.

కనురెప్పలు వాల్చింది. రెండోది తింది. మూడోది సగం తిని పెదాలు మూసుకుంది. అతను చెంచా పట్టుకుని ఆగాడు. కాసేపయ్యాక తెరుస్తుందేమోనని ఆగాడు. ఆమె చూపు కిటికీ బయటి ఎండ మీదికి వెళ్ళింది.

"చాలేమో నాన్నా," అంది స్మృతి. ఇంటికి వచ్చాక అతనితో ఆమె అన్న మొదటి మాట అది.

"ఇంకొక్కటి తింటుందేమో చూస్తాను."

స్మృతి ఇంకో కుర్చీ తెచ్చుకుని అతని పక్కనే కూర్చుంది. గిన్నెలో కస్టర్డ్ చల్లారి, పైన పల్చటి పొర కట్టింది. దాని కింద ఇంకా చిక్కగానే ఉంది.