పైన ఆ పదహారు ఎందుకంకుల్?

యెల్లప్పకు కోపం వస్తే డర్బన్ రేవులో ఓడలు లంగరు తెంచుకుంటాయని నేనంటే మా వీధిలో నమ్మరు. నమ్మకపోతే పోయారు. తొంభై ఆరు జనవరిలో బ్యాంకు కాగితం వచ్చిన పూట మాత్రం వాళ్ల పెరట్లో కోడి రెండు గుడ్లు పెట్టి, ఆ అరుపుకి రెండూ లోపలికి తీసేసుకుంది. ఇది నేను కళ్లారా చూశాను. రెండో గుడ్డు సంగతి మాత్రం సరస్ చెబితే విన్నాను.

సరస్ యెల్లప్ప భార్య. నాకు చెల్లెలి వరస. అందుకని యెల్లప్ప నన్ను బావా అంటాడు, నేను వాడిని అనాల్సినవన్నీ అంటాను. ముప్పై ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టాడు. క్లెయిర్‌వుడ్‌లో వాళ్ల నాన్న కూరగాయల మడి ఫ్యాక్టరీల కింద పోయాక ఊరి శివారు ఫీనిక్స్‌కు వచ్చి, బ్యాంకు అప్పుతో ఇల్లు కొన్నాడు. ఇంటి అప్పును ఇక్కడ మేం బాండ్ అంటాం. బాండ్ అంటే కట్టు అని మా బళ్లో చెప్పారు. ఆ మాట ఎంత నిజమో నెలనెలా తెలుస్తుంది.

తొంభై ఐదులో బస్సు కంపెనీ వాడిని ఇంటికి పంపేసింది. చేతికి వచ్చిన ప్రావిడెంట్ ఫండులో కొంత ఇంటికి ఉంచుకుని, మిగిలింది బాండ్‌లో వేశాడు. జులై మూడో తారీకు, సోమవారం, గ్రే స్ట్రీట్ శాఖలో. పదకొండు వేలు. దాని మీద నూట పదహారు. మనవాళ్లం శుభానికి ఇచ్చేది ఉత్త వేలు కాదు కదా, చివర పదహారు ఉండాలి. నెల వాయిదా మామూలుగా కడుతూనే ఉండి, ఇది విడిగా అసలులోకి పోతే, అరవై ఐదు నిండేలోపు అప్పు తీరిపోతుందని వాడి లెక్క. అది తీరకపోతే పింఛను డబ్బుతో వాయిదా కట్టలేడు. ఇల్లు పోతుంది. ఇదేం చిన్న విషయం కాదు.

జనవరిలో వచ్చిన ఆరు నెలల స్టేట్‌మెంట్‌లో ఆ పదకొండు వేల నూట పదహారు ఎక్కడా లేదు. జులైకి ముందున్న బాకీ మీదే ఏడాదికి పద్దెనిమిదిన్నర శాతం చొప్పున వడ్డీ, ప్రతి నెలా, నవ్వుతూ కూర్చుంది.

"బావా, చూడు. నా డబ్బు గాల్లో పోయింది. గాలికి కూడా వడ్డీ వేశారు."

మేమిద్దరం గ్రే స్ట్రీట్ వెళ్లాం. బాండ్ల బల్ల దగ్గర యూజీన్ అనే కుర్ర ఆఫీసరు. మన ఫీనిక్స్ వాడే, మాకు రెండు వీధుల అవతల ఇల్లు. జుట్టుకు రాసిన జెల్‌తో మా ఆంధ్ర సభ మందిరంలో దీపాలన్నీ వారం రోజులు వెలిగించవచ్చు.

"ఏ తారీకు వేశారంకుల్?"

"జులై మూడు."

"ఎంత?"

"పదకొండు వేల నూట పదహారు."

యూజీన్ పెన్ను ఆపాడు. పక్క బల్లలవాళ్లకు వినపడేలా అడిగాడు. "పైన ఆ పదహారు ఎందుకంకుల్? నాకు టిప్పా?"

వరసలో నిలబడ్డవాళ్లు నవ్వారు. యెల్లప్ప చెవులు ఎర్రబడ్డాయి.

"నవ్వకురా బాబూ. వెతుకు."

"కంప్యూటర్‌లో లేదంకుల్. స్టాంప్ వేసిన స్లిప్ తెండి, చూద్దాం. లేదంటే ఏం చెయ్యమంటారు? కలలో వేశారేమో. మా తాత కూడా రోజూ కలలో బాండ్ తీర్చేస్తాడు. నెక్స్ట్!"

ఇంటికి వచ్చే మినీబస్సు ఎక్కాక యెల్లప్ప అన్నాడు. "తొంభై నాలుగులో మనకు ఓటిచ్చినప్పుడు యాభై ఎనిమిదేళ్ల వయసులో మొదటిసారి లైన్లో నించున్నా బావా. ఆరు గంటలు. ఇక ఎవడి లైన్లోనూ వెనక్కి పోను. వాడి చేత ఆ పదహారు అనిపిస్తా. నోరు నిండా అనిపిస్తా."

"ముందు స్లిప్ తే," అన్నాను.

అక్కడే వచ్చింది చిక్కు. స్లిప్ గుమ్మం మీద ఉంది.

సరస్ వాళ్ల అమ్మమ్మ తీరుబడిగా నేర్పిన పద్ధతి అది. ఇంటి కోసం కట్టిన మొదటి పెద్ద సొమ్ము రసీదును పసుపు కొమ్ము, నిమ్మకాయ, ఒక నాణెంతో కలిపి పసుపు గుడ్డలో మూటగట్టి వాకిలి పైన వేలాడదీయాలి. అప్పు పూర్తిగా తీరేదాకా దాన్ని ముట్టుకోకూడదు. సరస్ అమ్మవారికి మొక్కి మరీ కట్టింది. మంగళవారాలు ఒంటిపూట తింటోంది.

"ముట్టుకుంటే చెయ్యి విరుస్తా," అంది భర్తతో.

"ముట్టుకోకపోతే ఇల్లే పోతుందే!"

"మరి రసీదు నాకెందుకిచ్చావ్? బ్యాంకోడు డబ్బు మింగుతాడని అమ్మవారికి తెలియదా?"

"అమ్మవారికి తెలుసు. బ్యాంకోడికి తెలియదు. వాడికి స్టాంప్ కావాలి."

నేను మధ్యలో దూరాను. "చెల్లెమ్మా, వాడు మీ ఆయన్ని నలుగురిలో కలలు కంటున్నావన్నాడు. పదహారు టిప్పా అన్నాడు."

సరస్ చేస్తున్న పని ఆగింది. "పదహారుని టిప్పన్నాడా?"

"అన్నాడు."

కుర్చీ లాక్కుని తనే ఎక్కింది. ముడి విప్పుతూ పైనుంచే చెప్పింది. "అన్నయ్యా, మీరు సాక్షి. నా మొక్కు నేను విప్పడం లేదు. వాడు విప్పిస్తున్నాడు. విప్పించినోడు వచ్చి కట్టాలి. కట్టేదాకా ఒదల్ను. ఇకోనా!" ఇకోనా అంటే కుదరదని. మా ఇళ్లలో ఆ జులూ మాట అన్నాక దేవుడు కూడా బేరం ఆడడు.

రసీదు పసుపులో నానిపోయింది. ఖాతా నెంబరు ఉన్న చోట నిమ్మరసం కారి తుడిచిపెట్టుకుపోయింది. మిగిలినవి రెండే. కౌంటర్లో టెల్లర్ వేసిన గుండ్రటి స్టాంపు, అందులో తారీకు. యెల్లప్ప స్వహస్తంతో అక్షరాల్లో రాసిన సొమ్ము.

మళ్లీ గ్రే స్ట్రీట్ వెళ్తే యూజీన్ ఆ కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని వాసన చూశాడు. "అంకుల్, ఇది స్లిప్పా, ఊరగాయా? నెంబరే లేదు. ఏ ఖాతాలో వేశారో ఎలా తెలుస్తుంది?"

యెల్లప్ప కేకలు వెయ్యలేదు. ముప్పై ఏళ్లు టికెట్లు కొట్టినవాడికి చిల్లర ఎక్కడ తప్పిందో పట్టడం వచ్చు. "నెంబరు వద్దు. తారీకుంది, సొమ్ముంది. నువ్వన్న టిప్పుంది చూడు, అదే వెతుకు. జులై మూడున మీ బ్యాంకులో పదకొండు వేల నూట పదహారు వేసిన మనిషి ఈ డర్బన్‌లో ఇంకొకడుంటే, నేను వాడి కాళ్లు కడుగుతా."

"అలా వెతకడం కుదరదు."

"కుదురుతుంది." అన్నది యూజీన్ కాదు. పక్క బల్ల దగ్గర ఫైళ్లు సర్దుతున్న తాష్లిన్ అనే గుమస్తా అమ్మాయి. "ఎవరి ఖాతాకీ జతపడని డబ్బు సస్పెన్స్ అకౌంట్‌లో ఉంటుంది. తారీకు, సొమ్ము తెలిస్తే చూడొచ్చు."

యూజీన్ ఆమె వైపు చూసిన చూపుకి పాలు విరుగుతాయి. ఆ అమ్మాయి వెళ్లి, అరగంటలో తిరిగి వచ్చింది. చేతిలో జాబితా. దానిలో ఒకే ఒక్క పదకొండు వేల నూట పదహారు, ఏడు నెలలుగా దిక్కులేక పడి ఉంది. బ్యాంకు దగ్గరుండే స్లిప్ ప్రతి కూడా తెచ్చింది. అందులో యెల్లప్ప రాసిన నెంబరు సరిగ్గానే ఉంది. మెషీన్‌లో కొట్టేటప్పుడు టెల్లర్ రెండు అంకెలు తారుమారు చేశాడు. అలాంటి నెంబరుతో ఖాతా లేదు. డబ్బు సస్పెన్స్‌లో కూర్చుంది, తర్వాత దాన్ని చూసే పని ఎవరూ పెట్టుకోలేదు.

యూజీన్ జాబితా పక్కకు నెట్టి అన్నాడు. "సరే అంకుల్. ఇవాళ ఫిబ్రవరి రెండో తారీకు. ఇవాళ్టి తారీకుతో జమ చేస్తాను. పైగా మా వైపు నుంచి సుహృద్భావంగా పన్నెండు వందల అయిదు రాండ్లు."

"సుహృద్భావమా? నువ్వెవడివి నా మీద దయ చూపడానికి?" యెల్లప్ప కూర్చున్న కుర్చీ వెనక్కి జరిగింది. "జులై మూడున వేశాను. జులై మూడు తారీకుతోనే జమ కావాలి. అప్పట్నుంచి ప్రతి రోజు బాకీ తిరిగి లెక్క కట్టాలి. నువ్వు చెప్పిన పన్నెండు వందల అయిదు ఉత్త సొమ్ము మీద వడ్డీ. ఆ వడ్డీని నెలనెలా నా బాకీలో కలిపి, మళ్లీ దాని మీద వడ్డీ వేశారు. అదింకో యాభై ఏడు. ఎవడి జేబులోకి పోతుందది? నీ టిప్పా?"

ఈసారి వరసలో నవ్వింది యూజీన్‌ను చూసి.

ఇంతలో మేనేజరు పెర్సీ గదిలోంచి వచ్చాడు. పెద్దమనిషి. కాగితాలన్నీ చూసి, తాష్లిన్‌తో ఏదో అడిగి, తల ఊపాడు. "తప్పు మాది. జులై మూడు తారీకుతో జమ చేస్తాం. ఎక్కువ వేసిన వడ్డీ మొత్తం తీసేస్తాం. కొత్త స్టేట్‌మెంట్ సోమవారం మీ ఇంటికి పంపుతాం."

"పంపొద్దు," అన్నాడు యెల్లప్ప. "ఈ యూజీనే తెస్తాడు. మా ఆవిడ పిలుస్తోంది."

మా ఆంధ్ర సభ ఫిక్స్‌డ్ డిపాజిట్ అదే శాఖలో ఉందని, దానికి కోశాధికారిని నేనేనని, వచ్చే నెల గడువు తీరుతుందని మేనేజరుకు నేను గుర్తు చేశాను. బెదిరించలేదు. గుర్తు చేశానంతే.

సోమవారం సాయంత్రం యూజీన్ వచ్చాడు. వీధి వీధంతా గోడల మీద ఉంది. మూడు వేలమంది. సరే, ముప్పై అనుకోండి.

సరస్ గుమ్మం ముందు నిచ్చెన వేసి పెట్టింది. చేతిలో కొత్త పసుపు గుడ్డ.

"ఆంటీ, నేను చర్చికి వెళ్లేవాడిని. ఈ మొక్కులూ అవీ నేను కట్టలేను."

"కట్టొద్దు. నీ దేవుడితో నాకేం గొడవలేదు. మొక్కు నేను కట్టుకుంటా. నువ్వు నిచ్చెనెక్కి పేపర్ చదువు. అందరికీ వినపడాలి."

"పేపరా?"

"నువ్వు తెచ్చిందే. ఎక్కు. చెచ్చా, త్వరగా!"

సూటు వేసుకున్న యూజీన్ నాలుగు మెట్లెక్కి, గుమ్మం పై కమ్మీ పట్టుకుని చదివాడు. "జులై మూడు. జమ. పదకొండు వేల నూట..."

"నూట ఎంత?" అడిగింది సరస్.

"పదహారు."

"గోడ చివర కూర్చున్న పుష్పానికి వినపడలేదు."

"పదహారు!"

"టిప్పా?"

"కాదాంటీ. శుభానికి."

"కిందికి చదువు."

సర్దుబాటు చేసిన వడ్డీలు నెలనెలా చదివాడు. ప్రతి నెలకూ యెల్లప్ప బస్సులో స్టాపులు పిలిచినట్టు "అయ్యింది, ముందుకి!" అని కేకేశాడు. చివరికి తగ్గిన బాకీ దగ్గరికి వచ్చేసరికి యూజీన్ చొక్కా వీపుకి అంటుకుపోయింది. దిగాడు. సరస్ స్టేట్‌మెంట్ తీసుకుని, మడతపెట్టి, కొత్త కొమ్ము, కొత్త నిమ్మకాయతో మూటగట్టి, నిచ్చెనెక్కింది. నిచ్చెన ఊగింది. ఎవరూ చెప్పకుండానే యూజీన్ రెండు చేతులతో పట్టుకున్నాడు. ముడి వేసే ఐదు నిమిషాల పనిని ఆమె అరగంట చేసింది. నిచ్చెన పట్టుకున్నవాడి చేతులు పీకేదాకా, ఒక్కో పోగు విడివిడిగా.

కిందికి దిగి గ్లాసుడు టీ ఇచ్చింది. అందులో పంచదార వెయ్యలేదు. యూజీన్ మొత్తం తాగాడు.

ఆ తర్వాత అతనికి ఫీనిక్స్‌లో వేరే పేరు లేదు. కూరల దుకాణంలో రానీ "పదహారూ, చిల్లర తీసుకో" అంటుంది. ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో పిల్లలు అదే. గ్రే స్ట్రీట్ శాఖలో తాష్లిన్ ఇప్పుడు ఆఫీసరు. ఆమె కూడా, ఎవరూ లేనప్పుడు, అదే.

నిన్న దారిలో కనబడితే నేను పలకరించాను. "ఏం పదహారూ, బాగున్నావా?"

"అంకుల్, ఎన్నాళ్లు?"

"బాండ్ తీరేదాకా," అన్నాను. "యెల్లప్ప లెక్క ప్రకారం ఇంకో నాలుగేళ్లు. సరస్ లెక్క వేరు, అడిగి చెబుతాలే."