రెండు అల్లికలు, ఒకటే సూది

ఆ ఊలు కొట్టు అద్దాల వెనక ఒక చెక్క బొమ్మ ఉంటుంది. తల లేదు, చేతులు లేవు, భుజాలు మాత్రం దర్జాగా ఉంటాయి. దాని మీద ఎప్పట్నుంచో అత్త అల్లిన ఆకుల శాలువానే వేలాడుతోంది. ఎండకి రంగు వెలిసిపోయినా తియ్యదు.

"దాన్ని తీసి నాది వెయ్యి అత్తా!" అంది సుడిగాలి. అసలు పేరు అందరూ మర్చిపోయారు. ఆ పిల్ల మాట్లాడే వేగానికి కొట్టులో అందరూ అలాగే పిలుస్తారు.

"నీదా? ఎక్కడుందే నీది?"

"ఇదిగో, బుర్రలో ఉంది. ఒక పట్టీ మెట్ల అల్లిక, దాని మీద ఒక పట్టీ ఆకుల అల్లిక, మళ్ళీ మెట్లు, మళ్ళీ ఆకులు. రెండూ కలిపి ఎవరూ అల్లలేదు. నేనల్లుతా. ఆ పైన దాచావే, పొగమబ్బు రంగు బొచ్చు ఊలు, దాంతో!"

పక్కన కుర్చీలో మామయ్య రెండు చేతులకీ ఊలు లడీ తగిలించుకుని, ఉండ చుట్టడానికి అత్త కోసం ఎదురు చూస్తున్నాడు. ఆయన గంట నుంచీ అలాగే ఉన్నాడు. "అయిపోయింది," అన్నాడు, "బొచ్చు ఊలు అడిగింది. ఇహ నా చేతులు సాయంత్రం దాకా ఇలాగే."

అత్త నవ్వలేదు. ఆ ఊలు మూడు ఉండలే మిగిలింది, అది తయారుచేసేవాళ్ళు మానేశారు. పైగా బొచ్చు ఊలు తప్పల్లితే విప్పడానికి రాదు. ఒక కుట్టు బొచ్చు పక్క కుట్టుని పట్టుకుని వదలదు, లాగితే తెగిపోతుంది.

"ఇస్తాను," అంది అత్త. "కానీ ముందు ఆ మిగులు నూలుతో అల్లి చూపించు. సూది మీద ఎన్ని కుట్లు వేస్తే రెండు అల్లికలూ చివరి దాకా సరిగ్గా వస్తాయో చెప్పు. అది తేలందే ఉండ ముట్టుకోవద్దు. ముట్టుకుని పాడు చేశావో, ఇహ బొమ్మ మాట ఎత్తకు."

"ఓస్, అంతేనా!"

అంతే కాదు. మెట్ల అల్లిక మూడేసి కుట్లతో నడుస్తుంది, రెండు అంచులకీ ఒక్కొక్కటి కావాలి. అంటే మొత్తం కుట్లని మూడేసి చొప్పున లెక్కేస్తే రెండు మిగలాలి. ఆకుల అల్లిక అయిదేసి కుట్లతో నడుస్తుంది. అంచులకి రెండు, చివరి ఆకు పక్కన నిలబడ్డానికి ఇంకోటి. అంటే అయిదేసి చొప్పున లెక్కేస్తే మూడు మిగలాలి. సూది మాత్రం ఒకటే, దాని మీద కుట్లూ అవే.

సుడిగాలి అరవై రెండు వేసింది. మెట్లు ముత్యాల్లా వచ్చాయి. "చూశావా మామయ్యా!" అంటూ ఆకుల్లోకి దిగింది. వరస చివరికొచ్చేసరికి అంచులతో కలిపి మూడు మిగలాల్సిన చోట రెండే ఉన్నాయి. చివరి ఆకు అంచు మీద ఒరిగిపోయి కూర్చుంది.

"పాపం, ఆకు రాలిపోయేట్టుంది," అన్నాడు మామయ్య.

"ఒక కుట్టు పెంచేస్తా, అంతేగా!"

"పెంచు," అంది అత్త. "మళ్ళీ మెట్లొచ్చినప్పుడు ఒకటి తగ్గించు. మళ్ళీ ఆకులకి పెంచు. ప్రతి పట్టీకీ పెంచుతూ తగ్గిస్తూ పోతే అది శాలువా అవదు, ఏనుగు చెవవుతుంది."

సుడిగాలి బుగ్గలు పూరించి మొత్తం విప్పేసింది. మరి తను కాలేజీలో చదివే లెక్కలెందుకు? "మూడు ఐదులు పదిహేను. మిగిలేవి రెండూ మూడూ కలిపితే అయిదు. పదిహేన్లు నాలుగు అరవై, దానికి అయిదు... అరవై అయిదు!"

"ఆ రెండూ ఎందుకు కలిపావే?" అంది అత్త.

"పక్కపక్కనే ఉన్నాయి కదా, కలిపేశా."

ఈసారీ మెట్లు బ్రహ్మాండంగా వచ్చాయి. ఆకులు పదమూడు, సూది ఈ కొస నుంచి ఆ కొసకి సరిగ్గా పట్టాయి. అంచుకి కుట్టే లేదు!

"అంచు లేని శాలువా," అన్నాడు మామయ్య చేతులు అలాగే పెట్టుకుని. "కొత్త ఫ్యాషనేమో, మనకేం తెలుసు."

"మామయ్యా, నీ చేతులు కట్టేసి ఉన్నాయి, నోరు కూడా కట్టెయ్యనా?"

అలా అని ఆ పిల్ల అద్దాల వైపు చూసింది. బొమ్మ అటు తిరిగి దర్జాగా నిలబడి ఉంది. మెట్లు ఒప్పుకుంటే ఆకులు అలుగుతున్నాయి. మొదటిసారీ అంతే, రెండోసారీ అంతే. ఇద్దరు చుట్టాల్ని ఒకే పంక్తిలో కూర్చోబెట్టినట్టుంది. ఒకరికి చోటిస్తే ఇంకొకరు లేచి వెళ్ళిపోతున్నారు.

లేచి వెళ్ళిపోయేదెవరు? ఆకులు. అయితే ముందు ఆకుల్నే బతిమాలితే?

ఆ పిల్ల సూది ఖాళీ చేసింది. మూడు కుట్లు వేసింది. ఒక్క ఆకూ లేదు, మూడు మిగులు. ఆకులకి ఓకే. మెట్లకి? మూడులో రెండు మిగలవు. కాదు. ఇంకో అయిదు వేసింది. ఎనిమిది. ఆకు ఒకటి, మిగులు మూడు. మెట్లకి? మూళ్ళు రెండు ఆరు, మిగిలింది రెండు!

"అత్తా! ఎనిమిది!"

"ఎనిమిది కుట్లతో శాలువానా? బొమ్మకి మెడే లేదు, ఎక్కడ చుడతావు?"

"ఉండు అత్తా, ఇప్పుడు దీన్ని పెంచాలి... అయిదు వేస్తే పదమూడు, మెట్లు అలిగాయి. మూడు వేస్తే పదకొండు, ఆకులు అలిగాయి. ఇద్దరికీ తెలియకుండా వెయ్యాలి. మూడేసి లెక్కపెట్టేవాడికీ మిగులు మారకూడదు, అయిదేసి లెక్కపెట్టేవాడికీ మారకూడదు..." ఆగింది. సుడిగాలి ఆగడం ఆ కొట్టులో ఎవరూ చూసి ఎరగరు. "పదిహేను! పదిహేను వేస్తే ఇద్దరికీ తెలీదు! ఎనిమిది, ఇరవై మూడు, ముప్ఫై ఎనిమిది, యాభై మూడు, అరవై ఎనిమిది!"

టేపు తీసి బొమ్మ భుజాల మీద పరిచింది. యాభై మూడైతే బిగుతు. అరవై ఎనిమిది సరిపోతుంది. నూలుతో అల్లి చూపించింది. మెట్లకి రెండు మిగిలాయి, ఆకులకి మూడు మిగిలాయి.

అత్త ఆ నూలు ముక్కని వెలుతురులో పట్టుకుని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. స్టూలెక్కి బొచ్చు ఊలు దించింది.

మర్నాడు పొగమబ్బు రంగు ఊలుతో మెట్ల పట్టీ అయ్యాక ఆకుల మొదటి వరస మొదలైంది. అత్త అరలు సర్దుతున్నట్టు నటిస్తూ ఒకే ఉండని మూడుసార్లు అక్కడే సర్దింది. సుడిగాలి పెదాలు కదులుతున్నాయి, చప్పుడు లేదు. చివరి ఆకు అయ్యింది. సూది మీద ఆకు పక్కన ఒక కుట్టు, అంచుకి ఒక కుట్టు. మొదట్లో వేసిన అంచు కుట్టుతో కలిపి మూడు.

"అమ్మయ్య," అంది అత్త. పైకే అనేసింది.

"ఏంటత్తా, నువ్వు కూడా భయపడ్డావా?"

"ఊలుకి భయపడ్డానే. నీకెందుకు భయపడతాను?"

శాలువా పూర్తయిన రోజు అత్తే పాతదాన్ని తీసి, దులిపి, మడత పెట్టింది. కొత్తది తనే తొడిగింది, అంచులు రెండువైపులా సమంగా ఉన్నాయో లేదో లాగి మరీ చూసింది. సాయంత్రానికి ఎదురు మేడ మీద పళ్ళ డాక్టరమ్మ దిగొచ్చి, అలాంటిదే ఆకుపచ్చ ఊలుతో కావాలంది.

"ఆవిడ భుజాలు కాస్త వెడల్పు," అంది అత్త ఆవిడ వెళ్ళాక. "ఇలాగే మొదలెట్టు. ఒక పది కుట్లు పెంచు, చాలు."

"పది పెంచితే ఆకులు కిక్కురుమనవత్తా. మెట్లు మాత్రం పుట్టింటికి పోతాయి."

"మరి?"

"పదిహేను. ఎనభై మూడు."

అత్త ఒక్క క్షణం వేళ్ళ మీద మూడేసి లెక్కపెట్టింది, తర్వాత అయిదేసి. ఆపైన మామయ్య వైపు తిరిగింది. "వింటున్నారా? ఇదిగో, ఆకుపచ్చ లడీ. చేతులు చాపండి."

"ఎన్ని లడీలు?" అన్నాడాయన దీనంగా.

"ఎన్నయినా పర్లేదు మామయ్యా," అంది సుడిగాలి, "లడీకి రెండు చేతులు, నీకు మిగులే లేదు!"