పది శాతం దేని మీద?

పెంపు ఉత్తరంలో పది శాతం అని ఉంది. దేని మీదో రాయలేదు. మొత్తం జీతం ఇరవై వేలు కదా, రెండు వేలు పెరుగుతాయని మాత్రల ప్యాకింగులో పనిచేసే ఆ అమ్మాయి వేళ్ల మీద లెక్కేసుకుని మురిసిపోయింది. తీరా పెరిగింది ఎనిమిది వందలు. ఐదు నెలలు పళ్లు బిగబట్టుకుని ఊరుకుంది. ఒకరోజు పక్క బల్ల దగ్గర పనిచేసే అక్క పే స్లిప్పు చూసింది. అదే గ్రేడు, అదే పాత జీతం, పెంపు మాత్రం రెండు వేలు! ఒళ్లు మండిపోయింది.

"ఉత్తరం రాయవే. కావాలంటే నా స్లిప్పు జత చెయ్యి, పేరు మాత్రం బయటికి రానీకు" అంది అక్క. ఆ రెండు వేల ధైర్యంతోనే అక్క, మంచాన పడ్డ మామగారి కోసం రెండు గదుల ఇంటికి మారింది పాపం.

అమ్మాయి స్లిప్పు కాపీ మీద పేరును పెన్నుతో నల్లగా కొట్టేసింది. "పది శాతం బేసిక్ మీద వేశారా, మొత్తం మీద వేశారా? ఒకే గ్రేడులో ఈ తేడా ఎందుకు?" అని పేరోల్ ఆఫీసుకు రాసింది.

నాలుగో రోజు పిలిచారు. పేరోల్ గుమాస్తా కుర్చీ చూపించాడు, పెద్దమనిషే.

"మీది కరెక్టే అమ్మా. పెంపు బేసిక్ మీదే. మీ బేసిక్ ఎనిమిది వేలు, అందులో పది శాతం ఎనిమిది వందలు. అలవెన్సులు మారవు. ఆ ముక్క ఉత్తరంలో రాయకపోవడం మా తప్పే. ఈవిడ వేరే సెక్షన్ నుంచి వచ్చినప్పుడు చేత్తో ఎక్కించాం, మొత్తం మీద పడిపోయింది. మీరు చెప్పకపోతే దొరికేది కాదు."

"ఈవిడంటే... ఎవరండీ?"

అతను స్లిప్పు మూల వేలు పెట్టాడు. ఉద్యోగి నంబరు. పేరు కొట్టేసిన మహాతల్లి దాన్ని చూడనే లేదు.

నెలకు పన్నెండు వందల లెక్కన ఆరు వేలు అక్క దగ్గర వెనక్కి తీసుకుంటారట. మూడు నెలలు, నెలకు రెండు వేలు కోత. ఆ మూడు నెలలూ పెంపుకు ముందు వచ్చిన జీతం కూడా రాదు.

"నా జీతంలో కోసుకోండి సార్."

"ఒకరిది ఇంకొకరి దగ్గర కొయ్యకూడదమ్మా."

మర్నాడు అక్క పలకరించలేదు. భోజనాల వేళ తెల్లకాగితం తెచ్చి ఆమె ముందు పెట్టింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"మూడు నెలలు కాదు, పన్నెండు నెలల్లో కోసుకోమని రాసిపెట్టు. నాకు రాయడం రాదు. నువ్వు బాగా రాస్తావుగా."

అమ్మాయి పెన్ను తీసుకుంది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. పైన అక్క పేరు, దాని పక్కన నంబరు రాసింది. స్లిప్పు చూడాల్సిన అవసరం రాలేదు.